“ఏమి ఎంచుకొన్నా” అన్నారా, “ఎంచుకొన్నదానికి” అన్నారా?

గోదారిగట్టు: అర్థశాస్త్రంలో ఆటల సిద్ధాంతం పాఠంలో చూపిన ఒక స్లైడు కింద ఉన్న వాక్యం నన్ను కొన్నాళ్ళుగా వేధిస్తున్నది. “ఎదుటివాడు ఏమి ఎంచుకొన్నా నాకు ఇదే మేలు” అని చదివినట్లు ఒకసారి, “ఎదుటివాడు ఎంచుకొన్నదానికి నాకు ఇదే మేలు” అని చదివినట్లు మరొకసారి అనిపిస్తుంది. పైనున్న పట్టిక మాత్రం నేను రాసిపెట్టుకొన్నాను. ఇద్దరు ఆడే ఆట అది. గడిలో మొదటి అంకె అడ్డువరుసను ఎంచుకొనేవాడికి దక్కేది, రెండవది నిలువువరుసను ఎంచుకొనేవాడికి దక్కేది.

| | ఎడమ | కుడి |
|---|---|---|
| మీద | 3, 2 | 5, 1 |
| కింద | 1, 0 | 4, 3 |

ఆ వాక్యం ఆధిక్య వ్యూహానికి రాసినదా, సమతౌల్యానికి రాసినదా అన్నది నా సందేహం.

మాఘమాసం: రెండూ ఒకటే కదండీ. ఎదుటివాడు చేసినదానికి మేలైనది ఎంచుకోవడమే ఆధిక్య వ్యూహం. మొదటివాడికి మీది వరుసలో 3, 5 ఉన్నాయి కనుక అతడు 5 ఉన్న గడిని కోరుకొంటాడు. సమతౌల్యం అక్కడే ఉండాలి.

లెక్కలపంతులు: మాఘమాసం గారు మీది వరుసను పట్టుకోవడం సరైనదే కాని, పట్టుకొన్న దారి సరైనది కాదు. 3కూ 5కూ మధ్య ఎంపిక మొదటివాడి చేతిలో లేదు. ఆ రెంటిలో ఏది వస్తుందో తేల్చేది రెండవవాడు. మొదటివాడు తన అంకెలను నిలువుగా పోల్చుకోవాలి. ఎదుటివాడు ఎడమను ఎంచుకొంటే మీద 3, కింద 1. కుడిని ఎంచుకొంటే మీద 5, కింద 4. రెండు చోట్లా మీదిదే ఎక్కువ కనుక ఎదుటివాడు ఏమి ఎంచుకొన్నా అతడికి మీదిదే మేలు. “ఎంచుకొన్నా” అన్న చివరి దీర్ఘంలోనే ఆధిక్యమంతా ఉన్నది.

ఇప్పుడు రెండవవాడిని చూడండి. అతడి అంకెలను అడ్డంగా పోల్చాలి. మీద ఆడితే ఎడమకు 2, కుడికి 1 కనుక ఎడమ మేలు. కింద ఆడితే ఎడమకు సున్న, కుడికి 3 కనుక కుడి మేలు. అతడికి ఆధిక్య వ్యూహమే లేదు. అతడి విషయంలో “ఏమి ఎంచుకొన్నా” అనలేము, “ఎంచుకొన్నదానికి” అనే అనాలి. అయితే మొదటివాడు మీదకే పోతాడని అతడికీ తెలుసు కాబట్టి అతడు ఎడమను ఎంచుకొంటాడు. మీద-ఎడమ దగ్గర ఇద్దరిలో ఎవరు ఒంటరిగా జరిగినా నష్టపోతారు. సమతౌల్యం అదే.

గోదారిగట్టు: మీద-ఎడమలో వచ్చేది 3, 2. కింద-కుడిలో 4, 3 ఉన్నది కదా, అది ఇద్దరికీ ఎక్కువే. దానిని వదలి తక్కువ దగ్గర నిలవడాన్ని సమతౌల్యం అనడం ఎలా?

లెక్కలపంతులు: ఆ గడిలో నిలబెట్టి చూడండి. రెండవవాడు కుడి మీద ఉండగా మొదటివాడు కిందనుండి మీదికి జరిగితే అతడి 4 కాస్తా 5 అవుతుంది కనుక అతడు ఆగడు. ఆగడని తెలిసిన రెండవవాడు కుడికి రానే రాడు. ఇద్దరికీ మంచిదా అన్నది సమతౌల్యం అడిగే ప్రశ్న కాదు. ఎదుటివాడు కదలకుండా ఉండగా నేను కదిలితే నాకు కలిసివస్తుందా అన్నదొక్కటే అది అడుగుతుంది.

కందపద్యం: ఆ దీర్ఘం గురించి ఇంత చర్చ జరుగుతుండగా సుమతీ శతకకారుని తలచుకోకపోవడం ఆశ్చర్యం. ఉపకారికి ఉపకారం చేయడం “ఎంచుకొన్నదానికి” కిందకు వస్తుంది. “అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు” మాత్రం అచ్చంగా “ఏమి ఎంచుకొన్నా” కిందకు వస్తాడు. ఆధిక్య వ్యూహాన్ని ఒక్క కందంలో చెప్పిన కవి మనకుండగా స్లైడు వెంట పడడమెందుకు?

లెక్కలపంతులు: పద్యం గొప్పదే, పోలిక మాత్రం నిలవదు. “ఏమి చేసినా నేను ఇదే చేస్తాను” అన్నది వ్రతం. “ఏమి చేసినా నాకు ఇదే మేలు” అన్నది అంకెలను చూసి చెప్పే మాట. 1950లో గణితజ్ఞుడు ఆల్బర్ట్ టక్కర్ చెప్పిన ఇద్దరు ఖైదీల కథలో, తోడివాడు ఏమి చేసినా నేరం ఒప్పుకొన్నవాడికే శిక్ష తగ్గుతుంది. అక్కడ తోడిదొంగ ఒప్పుకొన్నా ఒప్పుకోకపోయినా నోరు విప్పని వాడు నెపమెన్నని వాడే. కాని అతడు ఆడుతున్నది సరిగ్గా ఆధిక్యానికి లోబడిన ఎత్తు, అంటే ఎదుటివాడు ఏమి ఎంచుకొన్నా తనకు తక్కువ తెచ్చేది.

కందపద్యం: కవి అతడిని “నేర్పరి” అన్నాడని మరచిపోకండి, అమాయకుడు అనలేదు. ఉపకారం చేయడంలో కలిగే తృప్తిని కూడా గడిలో వేస్తే మీ అంకెలే మారిపోతాయి.

లెక్కలపంతులు: ఆ మాట ఒప్పుకొంటాను. గడిలో వేసే అంకెలో శిక్షాకాలమో రూపాయలో మాత్రమే కాక, తృప్తీ భయమూ అన్నీ ముందే కలిసి ఉండాలి. కలిపిన తరువాత అది ఖైదీల ఆట కాదు, వేరే ఆట అవుతుంది.

పసుపుకొమ్ము: మాది కళాశాల ఎదుట జిరాక్సు దుకాణం. ఎదురుగా ఉన్న దుకాణం ధర తగ్గించినా తగ్గించకపోయినా మేము తగ్గించడమే మేలని లెక్క వేశాము, వాళ్ళూ అలాగే వేశారు. కొంతకాలం ఇద్దరమూ నష్టపోయి, మాట కూడా అనుకోకుండానే పాత ధరకు వచ్చాము. ఎదుటివారిని గెలిచే ఎత్తు ఏదో ఈ పట్టిక చెబుతుందా?

లెక్కలపంతులు: ఎదుటివారి అంకెతో మన అంకెను పోల్చి గెలుపు చూడడం ఈ పట్టిక పని కాదు, మన అంకెను మన అంకెతోనే పోల్చాలి. మీరు పాత ధరకు రావడానికి కారణం వేరు. పట్టిక ఒక్కసారి ఆడే ఆటకు గీసినది, మీరు రోజూ ఆడుతున్నారు. 1950లోనే మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ ఇటువంటి ఆటను ఇద్దరి చేత వరుసగా 100 సార్లు ఆడిస్తే, 60 సార్లు ఇద్దరూ సహకరించారు. ఈ రోజు చేసినదానికి రేపు బదులు వస్తుందనుకొన్నప్పుడు ఎత్తు అంటే ఒక అడుగు కాదు, బదులిచ్చే పద్ధతి మొత్తం. అక్కడ “ఏమి ఎంచుకొన్నా” అని చెప్పగలిగే పద్ధతి సాధారణంగా దొరకదు.

మాఘమాసం: నేను అడ్డంగా పోల్చిన చోట నిలువుగా పోల్చాలన్నది అర్థమైంది. అయితే ఒక చిక్కు. మీద-కుడిలోని 5ను 4 చేస్తే, కుడి వచ్చినప్పుడు మొదటివాడికి మీదా కిందా సమానమే. అప్పుడు కూడా “ఇదే మేలు” అనవచ్చునా?

కందపద్యం: “మేలు” అంటే మంచిదని అర్థం, సమానమైనదీ మంచిదే. అనవచ్చును.

లెక్కలపంతులు: “ఇదే” లోని ఏకారం ఒప్పుకోదండీ. అక్కడ “ఎప్పుడూ తక్కువ కాదు, ఒక్కచోటనైనా ఎక్కువ” అని చెప్పుకోవలసి వస్తుంది. పైగా మీరు ఆ ఒక్క అంకె మార్చగానే కింద-కుడి కూడా సమతౌల్యమైపోయింది: అక్కడినుండి మొదటివాడు మీదికి జరిగినా 4కు 4 వస్తుంది, రెండవవాడు ఎడమకు జరిగితే 3 పోయి సున్న మిగులుతుంది. మునుపటిలాగా కింది వరుసను కొట్టివేసి లెక్క చేసేవారు ఈ రెండవ సమతౌల్యాన్ని పోగొట్టుకొంటారు.

కందపద్యం: ఏకారం అవధారణకే వస్తుందన్నది నేను ఒప్పుకోను. “అదే నేనూ అంటున్నాను” అన్నప్పుడు మరొకటి లేదని అర్థమా?

గోదారిగట్టు: స్లైడులో “ఇదే” ఉన్నదో “ఇది” ఉన్నదో కూడా ఇప్పుడు నాకు అనుమానమే. పాఠం చెప్పినవారికి రాశాను. ఆ వాక్యం కింద మరో వాక్యం కూడా ఉండేదని, మొదటిది ఆధిక్యానికీ రెండవది సమతౌల్యానికీ రాసి ఉంటారని నా ఊహ.

కందపద్యం: వారు ఏమి రాసినా ఏకారం సంగతి విడిగా తేలవలసిందే.