ఎక్స్‌రేలో కుడివైపు గీత: న్యూమోథొరాక్సా, చర్మం మడతా?

హౌస్ సర్జన్ (ప్రశ్న): రాత్రి డ్యూటీలో ఉన్నాను. 74 ఏళ్ల పెద్దాయన, బక్కపలచని మనిషి, పాత సీఓపీడీ. ఆయాసం పెరిగిందని వచ్చారు. బెడ్ మీదే కూర్చోబెట్టి, వీపు వెనక క్యాసెట్ పెట్టి పోర్టబుల్ తీశారు. కుడివైపు రెండో పక్కటెముక దగ్గర మొదలై కిందికి, బయటికి ఒక గీత దిగుతోంది. దాని అవతల నల్లగా ఉంది. సాచురేషన్ రెండు లీటర్ల ఆక్సిజన్ మీద 91, బీపీ మామూలుగానే ఉంది. ఛాతీలోకి గాలి తీసే ట్యూబు, అదే ఐసీడీ, వేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

పల్మనాలజీ పీజీ: గీత అవతల లంగ్ మార్కింగ్స్ లేకపోతే అది ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన న్యూమోథొరాక్సే, తమ్ముడూ. అనుమానంగా ఉంటే ఊపిరి వదిలాక ఇంకో ఫిల్మ్ తీయించు.

రేడియాలజిస్ట్: ఆగండి. ముందు అది గీతా, అంచా అన్నది చూడండి. న్యూమోథొరాక్స్‌లో కనిపించేది ఊపిరితిత్తి పైపొర. పెన్సిల్‌తో గీసినట్టు సన్నని తెల్ల గీత, దానికి రెండు పక్కలా నలుపు. చర్మం మడత అలా ఉండదు. లోపలి నుంచి తెలుపు మెల్లగా చిక్కబడుతూ వచ్చి, అంచు దగ్గర ఒక్కసారిగా తెగిపోయి నల్లబడుతుంది. ఆ నలుపులో కొంత మన కంటి భ్రమ కూడా. మానిటర్ మీద జూమ్ చేసి, కాంట్రాస్ట్ మార్చి చూడండి.

రెండోది, వేలు పెట్టి ఆ గీత వెంట చివరిదాకా వెళ్లండి. పక్కటెముకల గూడు దాటి చంకలోకో, డయాఫ్రమ్ కిందికో పోతోందా? ఊపిరితిత్తి గూడు బయటికి రాదు కదా.

పీజీ గారు చెప్పిన మార్కింగ్స్ మాట సగం నిజం. గీత అవతలికి రక్తనాళాలు పోతుంటే మడత అనుకోవచ్చు. కానీ అవి కనబడకపోయినంత మాత్రాన న్యూమోథొరాక్స్ అనలేం. ఎంఫిసీమా ఊపిరితిత్తిలో నాళాలు ముందే పలచబడి ఉంటాయి. ఊపిరి వదిలిన ఫిల్మ్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు, పైగా ఈయన ఊపిరి పూర్తిగా వదలలేరు.

ఎక్స్‌రే టెక్నీషియన్: నేను చదివే వాణ్ణి కాదు, తీసే వాణ్ణి సార్. వయసైన వాళ్ల వీపు చర్మం వదులుగా ఉంటుంది. ఆనుకుని ఉండగానే క్యాసెట్ దూరిస్తే చర్మం నెట్టుకుపోయి మడత పడుతుంది. మనిషిని ముందుకు వంచి, క్యాసెట్ పెట్టి, చేత్తో చర్మం సర్ది ఆనించాలి. ఒకసారి ఆడమనిషి జడ భుజం మీద పడి ఉండగానే తీశాను. మెడ నుంచి ఊపిరితిత్తి పైభాగం మీదికి చారలు. డ్యూటీ డాక్టరు పరుగెత్తుకొచ్చారు! అప్పటినుంచి జడ పైకి ముడి వేయించాకే బటన్ నొక్కుతున్నాను.

ఒక సభ్యుడు: మా నాన్నగారి రిపోర్టులో కూడా ‘స్కిన్ ఫోల్డ్’ అని రాశారు. ఊపిరితిత్తి మడత పడిందా? ఆపరేషన్ అవసరమా?

రేడియాలజిస్ట్: అది వీపు చర్మం మడతండీ, ఊపిరితిత్తిది కాదు. ఆ మాట ఒక్కదానికి వైద్యమేమీ లేదు. మిగతా రిపోర్టు మీ డాక్టరుగారికి చూపించండి.

హౌస్ సర్జన్: జూమ్ చేశాను మేడమ్. సన్నని తెల్ల గీత లేదు, తెలుపు మెల్లగా చిక్కబడి తెగిపోతోంది. కింద ఎనిమిదో పక్కటెముక దగ్గర గూడు దాటి చంక కండలోకి పోయింది. అవతల ఒక రక్తనాళం కూడా దొరికింది. అయినా ఐసీడీ ట్రే తెచ్చి పెట్టారు.

రేడియాలజిస్ట్: ట్రే ఉండనివ్వండి, ఇప్పుడే వేయొద్దు. మడతని చూసి ట్యూబు వేస్తే బాగున్న ఊపిరితిత్తికి మనమే చిల్లు పెట్టినట్టు. టెక్నీషియన్ గారు చెప్పినట్టు చర్మం సర్ది మళ్లీ తీయించండి. ఈలోగా అల్ట్రాసౌండ్ ప్రోబ్ కాలర్‌బోన్ కింద పెట్టండి, కూర్చున్న మనిషిలో గాలి పైకి చేరుతుంది. ఊపిరితో పాటు ఊపిరితిత్తి పైపొర, అంటే ప్లూరా, జారుతూ కనిపిస్తే ఆ చోట న్యూమోథొరాక్స్ లేదు. జారకపోతే మాత్రం వెంటనే నిర్ణయించకండి, ఊపిరితిత్తిలో పెద్ద గాలి బుడగ, అంటే బుల్లా, ఉన్నా జారదు. బీపీ పడిపోయి మనిషి దిగజారుతుంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి టెన్షన్ న్యూమోథొరాక్స్ సంగతి చూడాలి.

హౌస్ సర్జన్: కుడివైపు మూడు చోట్ల చూశాం, జారుతోంది. రెండో ఫిల్మ్‌లో ఆ గీత లేనే లేదు. ట్రే వెనక్కి పంపేశాం. నెబ్యులైజేషన్ ఇస్తున్నాం, సాచురేషన్ 93. కానీ రెండు ఫిల్ముల్లోనూ ఎడమవైపు పైన చిన్న వంపు గీత ఉంది.

పల్మనాలజీ పీజీ: అది కదలలేదంటే చర్మం కాదు. ఈసారి నేనే కరెక్ట్ అనుకుంటా.

రేడియాలజిస్ట్: చర్మం కాదు, ఒప్పుకుంటాను. వంపు ఎటు? న్యూమోథొరాక్స్ గీత పక్కటెముకల వైపు ఉబ్బి ఉంటుంది. బుల్లా అంచు లోపలికి, మధ్యవైపు వంగి ఉంటుంది.

హౌస్ సర్జన్: లోపలికే అనిపిస్తోంది, కానీ కాలర్‌బోన్ అడ్డొస్తోంది. పాత ఎక్స్‌రే ఇంట్లో ఉందట, కొడుకు తెస్తానన్నారు.

పల్మనాలజీ పీజీ: పాతది తెచ్చేలోగా సీటీ తీయించేయొచ్చు కదా?

రేడియాలజిస్ట్: మనిషి నిలకడగా ఉన్నారు, నేనైతే ముందు పాతది చూస్తాను. అందులోనూ అదే వంపు ఉంటే సగం తేలినట్టే. లేకపోతే సీటీకే పంపండి.