‘పంపగలరు’లో ఆ ‘గల’కు అర్థమేమి?

కర్నూలు కిరాణా దుకాణం: మా నాయన హోల్‌సేల్ అంగడికి రాసే జాబుల్లో చివర ‘...సరుకు పంపగలరు’ అని ఉండేది. ముందు మాటలు గుర్తులేవు. పోయిన వారం మా అమ్మాయి, ఆఫీసులో ఇంగ్లీషు మెయిల్స్ రాసే అలవాటుతో, ‘కందిపప్పు 20 బస్తాలు శుక్రవారం లోపల పంపగలరా?’ అని రాసింది. ‘పంపగలం, ధర ఇంత’ అని జవాబొచ్చింది. సరుకు రాలేదు. ‘రా’ అనే ఒక్క అక్షరానికి ఇంత తేడానా?

కడప పంతులు: తేడా ఉంది. ‘పంపగలరా’ అంటే మీ దగ్గర ఉందా, వీలవుతుందా అని ఆరా. ‘పంపగలరు’ అంటే మర్యాదగా చెప్పిన ఆర్డరు. ఇంగ్లీషులో మర్యాద ప్రశ్నలో ఉంటుంది, మన జాబులో నమ్మకంలో ఉంటుంది. మీరు పంపుతారని నాకు తెలుసు అన్నట్టు.

అనంతపురం పాఠకుడు: ‘గల’ అంటే భవిష్యత్తే. రేడియోలో ‘రాగల 24 గంటల్లో వర్షాలు’ అంటారు కదా. చేతనవుతుందనే అర్థం ఇంగ్లీషు నుంచి వచ్చింది.

కడప పంతులు: మొదటి మాట నిజమే, రెండోది కాదు. చేతనవడం అనే అర్థం పాతదే. ఈ ‘గల’ అసలు రూపం ‘కల’, అంటే ఉండటం. పోతన గజేంద్రుడు ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్నాడు చూడండి, అక్కడ చేతనవడం లేదు, భవిష్యత్తూ లేదు.

ఒంటిమిట్ట వాసి: మా ఊరి కవిని బాగా గుర్తు చేశారు. ఆ పద్యంలో ‘కల’ ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెడుతూ చదివితే ఏనుగు సందేహం ఎంత పెరిగిందో తెలుస్తుంది.

అనంతపురం పాఠకుడు: మీ ఊరని మీరంటారు, బమ్మెర అని వాళ్లంటారు. ఆ సంగతి వేరే చర్చ పెట్టండి.

ఆదోని గుమాస్తా: మాకు జాబు పైభాగంలోనే టెన్షన్. మా కుర్రాడు ‘డియర్ సర్’కి ‘ప్రియమైన అయ్యా’ అని రాశాడు. పెద్దాయన చదివి, ‘ఇదేం జాబు సామీ’ అన్నాడు.

కడప పంతులు: ‘ప్రియమైన’ అనేది ఇంటి మనిషికి. అంగడికైతే ‘శ్రీ ఫలానా గారికి, నమస్కారములు’ చాలు. కిరాణా అన్నగారూ, ఈసారి ఇట్లా రాయండి: ‘12వ తేదీన మీరు చెప్పిన ధరకు కందిపప్పు 50 కిలోల బస్తాలు 20, శుక్రవారం సాయంత్రంలోగా మా దుకాణానికి పంపవలసిందిగా కోరుతున్నాం. బిల్లు సరుకుతోపాటే పంపగలరు.’ ధర, బరువు, గడువు ఉన్న వాక్యంలో ‘కోరుతున్నాం’ ఉంటే అది ఆరా అనుకునే వీలుండదు. చిన్న విషయానికి ‘గలరు’ సరిపోతుంది. ‘పంపవలెను’ మాత్రం వద్దు, తాలూకాఫీసు నోటీసులా ఉంటుంది.

కర్నూలు కిరాణా దుకాణం: అట్లనే రాస్తాను. కానీ మా నాయన ధర కూడా రాయకుండా ఉత్త ‘పంపగలరు’ అనే రాసేవాడు, సరుకు వచ్చేది.

అనంతపురం పాఠకుడు: అందుకే అది భవిష్యత్తు అంటున్నా.