బాబాయి వాట్సాప్ హ్యాక్ అయింది, ఫ్యామిలీ గ్రూప్‌లో ఏమని పెట్టాలి?

వంశీ_కాకినాడ
పొద్దున్నుంచి మా బాబాయి వాట్సాప్ నుంచి చుట్టాలందరికీ ఒకటే మెసేజ్: "అర్జెంటుగా 25,000 కావాలి, నా ఫోన్‌పే పనిచేయట్లేదు, ఈ నంబర్‌కి కొట్టు, సాయంత్రం ఇచ్చేస్తా". అత్తయ్య 10,000 పంపేసింది కూడా. నిన్న కొరియర్ వాడినంటూ ఎవడో ఫోన్ చేసి బాబాయి చేత ఏదో నంబర్ డయల్ చేయించాడట. గ్రూప్‌లో ఇలా పెడుతున్నా: "బాబాయి వాట్సాప్ హ్యాక్ అయింది. డబ్బులు పంపొద్దు. డౌటుంటే ఆయనకే ఫోన్ చేయండి." సరిపోతుందా?

పాత_టెలికాం
ఆ చివరి మాట తీసేయండి. డయల్ చేయించింది `**21*`తో మొదలయ్యేదైతే బాబాయికి వచ్చే కాల్స్ దొంగ ఫోన్‌కి పోతుంటాయి. వాట్సాప్ కోడ్‌ని కూడా వాడు కాల్‌లోనే విని ఉంటాడు. మీవాళ్లు ఫోన్ చేస్తే ఎత్తేది వాడే! బాబాయి ఫోన్లో `*#21#` కొడితే సంగతి తెలుస్తుంది, `##002#` కొడితే ఫార్వర్డింగ్ పోతుంది. మెసేజ్‌లో మీ పిన్ని నంబర్ ఇవ్వండి.

శ్రీలత_వరంగల్
మాకూ ఇంతే అండీ, మా అన్నయ్య ఫొటోతో ఫేస్‌బుక్‌లో దొంగ ప్రొఫైల్ పెట్టి డబ్బులడిగారు. రిపోర్ట్ కొడితే తీసేశారు.

పాత_టెలికాం
అది వేరే అండీ. ఇక్కడ అసలు ఖాతానే వాడి చేతిలో ఉంది, గ్రూప్‌లో ఏం రాసినా చదువుతాడు. బాబాయి అడ్మినా?

వంశీ_కాకినాడ
గ్రూప్ మొదలుపెట్టిందే ఆయన. నేనూ అడ్మిన్నే, అయినా ఆయన్ని తీసేయడం కుదరట్లేదు.

పాత_టెలికాం
కుదరదు మరి, గ్రూప్ పెట్టినవాళ్లను మిగతా అడ్మిన్లు తీయలేరు. పైగా అడ్మిన్ హోదాలో మీ హెచ్చరికను వాడు అందరికీ డిలీట్ చేసేయొచ్చు. బాబాయి లేకుండా కొత్త గ్రూప్ పెట్టి అందులో వేయండి.

రాజు_బీటెక్
ఇదంతా ఎందుకు, సిమ్ బ్లాక్ చేయిస్తే పోలా?

పాత_టెలికాం
సిమ్ పోతే కోడ్ ఎక్కడికి వస్తుంది తమ్ముడూ? ఫార్వర్డింగ్ తీసేశాక బాబాయి ఫోన్లో వాట్సాప్ మళ్లీ రిజిస్టర్ చేసి, ఎస్సెమ్మెస్‌లో వచ్చిన 6 అంకెల కోడ్ కొట్టాలి. దాంతో వాడు బయటికి పోతాడు. వాడు టూ స్టెప్ పిన్ పెట్టి ఉంటే మాత్రం బాబాయి లోపలికి రావడానికి 7 రోజులు ఆగాలి. అత్తయ్యను ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఆ పేమెంట్ యూటీఆర్ నంబర్ చేతిలో పెట్టుకుని.

వంశీ_కాకినాడ
కొత్త గ్రూప్‌లో ఇది పెట్టా: "బాబాయి నంబర్ నుంచి వచ్చే మెసేజ్‌లు ఆయనవి కావు. డబ్బులు పంపొద్దు, ఎవరు కోడ్ అడిగినా చెప్పొద్దు. ఆయనకు ఫోన్ చేయొద్దు, పిన్నికి చేయండి. పంపేసినవాళ్లు వెంటనే 1930కి చేయండి." అత్తయ్య పంపిన సంగతి కూడా రాయనా?

శ్రీలత_వరంగల్
వద్దండీ, పాపం, అందరి ముందూ చిన్నబుచ్చుకుంటారు.

రాజు_బీటెక్
నేనైతే రాస్తా. ఆవిడ పంపారని తెలిస్తే, సిగ్గుపడి దాచుకున్నవాళ్లు కూడా బయటపడతారు.

వంశీ_కాకినాడ
ఆవిడ ఇంకా 1930 లైన్‌లోనే ఉంది. అడిగి చూస్తా.