"ఆ సమస్య గురించి" అని మాత్రమే ఉన్న మెయిల్‌కు ఓనర్ ఏమని రాయాలి?

ఇంటి ఓనర్: మా ఇంట్లో అద్దెకుంటున్నావిడ నుంచి పొద్దున మెయిల్ వచ్చింది. లోపల ఉన్నది ఒకే ముక్క: "ఆ సమస్య గురించి." ఏ సమస్యో లేదు, ఫోటో లేదు. వివరాలు పంపేదాకా ఆగాలా, నేనే ఏదైనా రాయాలా?

నికరం మాట: ఆగండి. వివరం లేని ఫిర్యాదుకు జవాబు ఏం ఇస్తారు? సమస్య ఏమిటో మనకు తెలిసినప్పటి నుంచే రిపేరు బాధ్యత మొదలవుతుంది. మీకు ఇంకా తెలియలేదు కాబట్టి ఇబ్బంది లేదు.

అద్దె ఇళ్ల మేనేజర్: బాధ్యత తెలిసినప్పటి నుంచే అన్నది చాలా చోట్ల నిజమే. కానీ ఏదో సమస్య ఉందని ఈ మెయిల్‌తో తెలిసిపోయింది కదా. రేపు గొడవైతే "నేను రాశాను, ఆయన పలకలేదు" అని ఆవిడ చూపించేది ఈ మెయిల్‌నే. అడగకుండా ఊరుకుంటే తప్పు మీ వైపే కనిపిస్తుంది.

జవాబు రాసే ముందు ఆ "ఆ" అన్న మాట చూడండి. మీకు ముందే తెలుసని ఆవిడ అనుకుంటున్నారు. అంటే ఎవరికో చెప్పి ఉంటారు. పాత మెయిళ్లు, ఫోన్ మెసేజీలు, స్పామ్ చూడండి. ఇంట్లోవాళ్లను, పోయినసారి వచ్చిన ప్లంబర్‌ను అడగండి. అటాచ్‌మెంట్ ఎక్కకుండానే మెయిల్ వెళ్లిపోవడం కూడా మామూలే.

ఆ తర్వాత ఈరోజే, అదే మెయిల్‌కు రిప్లైగా ఇలా రాయండి:

"మీ మెయిల్ ఈరోజు అందింది. అందులో వివరాలు కనిపించలేదు, ఫోటో పంపి ఉంటే అది కూడా రాలేదు. ఏ గదిలో, ఏమైంది, ఎప్పటి నుంచి, రోజురోజుకూ పెరుగుతోందా, ఈ నాలుగూ రాయండి. వీలైతే ఒక ఫోటో పెట్టండి. గ్యాస్ వాసన, కరెంటు షాక్, ఆగకుండా నీళ్లు కారడం లాంటిదైతే మెయిల్ కోసం ఆగకుండా వెంటనే ఫోన్ చేయండి. ఇంతకుముందు ఎవరికైనా చెప్పి ఉంటే ఎవరికి, ఎప్పుడో కూడా రాయండి."

ఇందులో "సరిచేయిస్తాను" అని గానీ, "అది మీ వల్లే అయ్యుంటుంది" అని గానీ లేదు. ఏమిటో తెలియకుండా రెండూ అనకూడదు.

పై అంతస్తు ఓనర్: ఇంత తతంగమెందుకు? "సింకు లీకేజీ గురించేనా?" అని అడిగితే తేలిపోతుంది.

అద్దె ఇళ్ల మేనేజర్: నేను ఒకసారి సరిగ్గా అలాగే ఊహించి దెబ్బ తిన్నాను. అద్దె తేదీ మార్చమని అంతకుముందు అడిగారు కాబట్టి దాని గురించే అనుకుని "సరే, పదో తేదీకి ఇవ్వండి" అని రాశాను. ఆయన థాంక్స్ చెప్పి ఊరుకున్నారు. అసలు సంగతి సింకు కింద పైపు జాయింటు. చుక్కచుక్కగా మూడు వారాలు కారింది. వెళ్లి చూసేసరికి అల్మరా అడుగు చెక్క ఉబ్బి పొరలుగా విడిపోయింది. వేలితో నొక్కితే లోపలికి దిగింది. వాషర్‌తో పోయేది అల్మరా దాకా వచ్చింది. మనం ఒక పేరు పెట్టి అడిగితే చాలామంది దానికే జవాబిచ్చి అసలుది వదిలేస్తారు.

అద్దెకున్నవాణ్ణి: నా అడ్వాన్సు తిరిగివ్వమని నేనూ ఇలాగే రాశాను, ఇంతవరకు జవాబు లేదు. మీ ప్రశ్న వేరేదని ఇప్పుడే అర్థమైంది, సారీ. ఒక్కటి మాత్రం చెప్తాను. మొదటి రెండుసార్లు వివరంగానే రాశాను. మూడోసారికి విసుగొచ్చి ఒక్క ముక్క రాశాను. ఆవిడ కూడా అలాగే రాశారేమో.

పై అంతస్తు ఓనర్: అయితే నేరుగా ఫోన్ చేయడమే మేలు. రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

అద్దె ఇళ్ల మేనేజర్: చేయండి, ఫోన్ వద్దనను. కానీ పెట్టేశాక "ఇప్పుడు ఫోన్‌లో మీరు చెప్పింది ఇది, నేను అన్నది ఇది" అని అదే మెయిల్ కింద రాయండి. లేకపోతే నెల తర్వాత ఎవరికి గుర్తున్నది వాళ్లు చెప్తారు.

నికరం మాట: అడగడం వరకు ఒప్పుకుంటాను. కానీ "రెండు రోజుల్లో వివరాలు రాకపోతే విషయం ముగిసినట్టే" అని గడువు పెట్టాలి.

అద్దె ఇళ్ల మేనేజర్: ముగిసినట్టే అని మాత్రం రాయను. జవాబు రాకపోతే రెండో రోజు మళ్లీ అడుగుతాను, వచ్చి చూడటానికి ఏ టైమ్ వీలో కనుక్కుంటాను.

నికరం మాట: ప్రతి ఒక్క ముక్క మెయిల్‌కూ ఇల్లు చూడటానికి వెళ్తే ఇక వేరే పని ఉండదు. ఇక్కడ మీతో ఏకీభవించను.

ఇంటి ఓనర్: మా ఆవిడను అడిగాను. పోయిన వారం మెట్ల దగ్గర అద్దెకుంటున్నావిడ తనతో "బాత్రూమ్ గోడ తడిగా ఉంటోంది" అని చెప్పారట, నాకు చెప్పడం మర్చిపోయింది. ఇప్పుడే ఫోన్ చేశాను. ఆ తడి స్విచ్ బోర్డు కింది వరకు వచ్చిందట. బోర్డు ముట్టుకోవద్దని, పొడి చేతులతో మెయిన్ ఆపేయమని చెప్పాను. ఎలక్ట్రీషియన్ సాయంత్రం వస్తున్నాడు. మాట్లాడిందంతా మెయిల్‌లో రాస్తున్నాను. మా ఆవిడతో చెప్పిన తేదీ కూడా అందులో పెట్టాలా?

అద్దె ఇళ్ల మేనేజర్: పెట్టండి. అద్దెకుంటున్నావిడకు ఆ రోజు గుర్తుండే ఉంటుంది.