రిఫరల్ వేరే ఉద్యోగి పేరు మీద పడింది: రిక్రూటర్‌కు మనమే మెయిల్ పెట్టాలా, రిఫర్ చేసినవాళ్లతోనే చెప్పించాలా?

బెజవాడ_కుర్రాడు:
మా కాలేజీ సీనియర్ సోమవారం తన కంపెనీ ఇంటర్నల్ పోర్టల్‌లో నన్ను రిఫర్ చేశాడు. నా జీమెయిల్‌కి లింక్ వచ్చింది కానీ ఫోన్‌లో తెరుచుకోలేదు. గడువు అయిపోతుందన్న టెన్షన్‌లో బుధవారం నేరుగా కెరీర్స్ పేజీకి వెళ్లి, నా ఇంకో మెయిల్ ఐడీతో అప్లై చేశా. ఎవరు రిఫర్ చేశారని అడిగిన చోట సీనియర్ పేరు కొట్టి, మొదట వచ్చిన పేరే ఎంచుకున్నా. అదే పేరుతో పుణె ఆఫీసులో ఇంకొకాయన ఉన్నారని ఇప్పుడు తెలిసింది. సీనియర్ పోర్టల్‌లో ఇంకా నేను అప్లై చేయనట్టే చూపిస్తోంది. రిక్రూటర్‌కి నేనే మెయిల్ పెట్టొచ్చా? పెడితే ఏం రాయాలి?

మియాపూర్_మహేశ్:
తమ్ముడూ, ఆ అప్లికేషన్ విత్‌డ్రా చేసి, ల్యాప్‌టాప్‌లో సీనియర్ పంపిన లింక్ తెరిచి మళ్లీ అప్లై చెయ్. రిక్రూటర్‌ని కదిలించక్కర్లేదు. పోయినేడు నాకూ ఇలాగే అయింది, అలాగే చేశా, రెండు రోజుల్లో మా అన్నయ్య పేరు వచ్చేసింది.

టీఏ_సుజాత:
విత్‌డ్రా మాత్రం చేయకు బాబూ. పదకొండేళ్లుగా నియామకాల్లోనే ఉన్నాను, ఈ సలహా వల్ల చెడిపోయినవి చాలా చూశాను. చాలా కంపెనీల్లో ఒక రిక్విజిషన్ నుంచి, అంటే నంబరుతో తెరిచిన ఒక ఖాళీ నుంచి, విత్‌డ్రా అయితే అదే రిక్విజిషన్‌కి మళ్లీ అప్లై చేయనివ్వరు. చేయనిచ్చినా, నీ పేరు అప్పటికే డేటాబేస్‌లో ఉంది కాబట్టి కొత్త రిఫరల్ చెల్లదని సిస్టమ్ అనొచ్చు. మహేశ్ గారికి పని జరిగిందంటే ఆయన మొదటి ప్రొఫైల్‌ని అప్పటికి ఎవరూ తెరిచి ఉండరు.

నీ విషయంలో తప్పులు రెండున్నాయి. మనిషిని గుర్తుపట్టడానికి సిస్టమ్ ముందు చూసేది మెయిల్ ఐడీ. సీనియర్ రిఫర్ చేసింది ఒక ఐడీని, నువ్వు అప్లై చేసింది ఇంకో ఐడీతో. అందుకే అక్కడ నువ్వు ఇద్దరు మనుషులుగా ఉన్నావు. సీనియర్ పోర్టల్‌లో ఏమీ కదలకపోవడానికి కారణం అదే. పేరు తప్పుగా ఎంచుకోవడం రెండోది. పేరు ఒక్కటే సరిచేయమని అడిగితే సగం పనే అవుతుంది, రెండు ప్రొఫైళ్లూ కలపమని కూడా అడగాలి.

మెయిల్ ఎవరు పెట్టాలంటే, ఇద్దరూ ఒకే రోజు పెట్టాలి. నీ అప్లికేషన్ రిక్రూటర్‌కి కనిపిస్తుంది, కానీ రిఫరల్ పేరు మార్చే హక్కు చాలాచోట్ల ఆమె చేతిలో ఉండదు. అది హెచ్ఆర్ ఆపరేషన్స్ వాళ్ల పని. వాళ్లు ఉద్యోగి టికెట్ వేస్తేనే ముట్టుకుంటారు. సీనియర్ టికెట్‌తో పాటు నీ మాట రాతలో లేకపోతే, ఒక ఉద్యోగి ఇంకో ఉద్యోగి రిఫరల్‌ని తనదంటున్నట్టు ఉంటుంది.

నానక్‌రామ్‌గూడ_రవి:
సుజాత గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. ఇది సీనియర్‌కి, కంపెనీకి మధ్య వ్యవహారం. ఇంటర్వ్యూ కూడా కాని అబ్బాయి రిక్రూటర్‌కి పెట్టే మొదటి మెయిల్ రిఫర్ చేసినవాళ్లకి కంపెనీ ఇచ్చే బోనస్ గురించా? మా దగ్గర నేను రిఫర్ చేసిన అమ్మాయి షార్ట్‌లిస్ట్ అయ్యాక, 'నన్ను నిజానికి రిఫర్ చేసింది ఫలానా ఆయన' అని మెయిల్ పెట్టింది. పేరు మార్చేశారు. ఆమె రెజ్యూమే దగ్గర కూర్చుని దిద్దింది నేను. అప్పటినుంచి నా మాట ఒకటే: మొదట ఎవరి పేరు పడితే వాళ్లదే. ఈ తలుపు తెరిస్తే షార్ట్‌లిస్ట్ అయ్యాక పేర్లు మార్చుకోవడం ఒక బేరం అయిపోతుంది.

టీఏ_సుజాత:
రవి గారూ, మీకు జరిగింది అన్యాయమే. అది జరగకుండా చూడాల్సింది మాలాంటివాళ్లం. నేనైతే తేదీ చూస్తాను. ఈ అబ్బాయిని సీనియర్ సోమవారం రిఫర్ చేసినట్టు ఆటోమేటిక్ మెయిల్ ఉంది, అప్లికేషన్ బుధవారంది. అప్లికేషన్ కంటే ముందే ఆ పేరు కంపెనీ రికార్డులో ఉంది కాబట్టి ఇది సవరణ. ముందు రికార్డు ఏదీ లేకుండా షార్ట్‌లిస్ట్ అయ్యాక కొత్త పేరు చెబితే నేనూ మీవైపే నిలబడతాను.

బోనస్ సంగతి పక్కన పెట్టండి. హైరింగ్ మేనేజర్ పుణె ఆయనకి ఫోన్ చేసి, 'ఈ అబ్బాయి మీకెలా తెలుసు?' అని అడిగితే ఆయనేమంటారు? ఎవరో నాకు తెలియదంటారు. అప్పుడు అబద్ధమాడిన మచ్చ పడేది ఈ అబ్బాయి మీదే. అందుకే ఇది సీనియర్ వ్యవహారం ఒక్కటే కాదంటున్నాను.

కూకట్‌పల్లి_లావణ్య:
నాదీ ఇదే సమస్య. నన్నడగకుండా ఒక కన్సల్టెన్సీ నా రెజ్యూమే పంపేసింది, ఇప్పుడు మా అక్క రిఫర్ చేస్తే తీసుకోవడం లేదు. ఇలా మెయిల్ పెడితే మారుతుందా?

టీఏ_సుజాత:
మీది వేరు లావణ్యా. కన్సల్టెన్సీకి కంపెనీతో ఒప్పందం ఉంటుంది, వాళ్లు పంపిన ప్రొఫైల్ కొన్ని నెలలు వాళ్లదిగానే లెక్క. మీ అనుమతి లేకుండా పంపారని రిక్రూటర్‌కి రాయండి. రిఫరల్ మార్చమని మాత్రం కాదు.

బెజవాడ_కుర్రాడు:
మేడమ్, ఇలా రాశా: 'నా రిఫరల్ పొరపాటున వేరేవారికి వెళ్లింది. బోనస్ మా సీనియర్‌కి అందేలా దయచేసి చూడగలరు. ఆలస్యమైతే ఆయన నష్టపోతారు.' సరిపోతుందా?

టీఏ_సుజాత:
బోనస్ మాట తీసెయ్ నాన్నా, రవి గారి భయం నిజమయ్యేది అక్కడే. నీ మెయిల్‌లో ఏ రిక్విజిషనో లేదు, ఏ ఐడీనో లేదు. రిక్రూటర్ వెతుక్కోవాలి, అంత టైమ్ ఆమెకి ఉండదు. సబ్జెక్టులో రిక్విజిషన్ నంబరు, నీ పూర్తి పేరు, 'రిఫర్ చేసిన ఉద్యోగి వివరంలో సవరణ' అని పెట్టు. విషయం ఇది, ఇంగ్లిష్‌లో రాసుకో:

'నమస్తే. ఈ ఉద్యోగానికి బుధవారం ఈ మెయిల్ ఐడీతో అప్లై చేశాను. రిఫర్ చేసినవారి పేరు ఎంచుకునేటప్పుడు, అదే పేరున్న పుణె ఉద్యోగిని పొరపాటున ఎంచుకున్నాను. ఆయనతో నాకు పరిచయం లేదు. నన్ను రిఫర్ చేసినవారు హైదరాబాద్ ఆఫీసులో ఈ ఉద్యోగి నంబరు గలవారు. సోమవారం వారి రిఫరల్ నా జీమెయిల్ ఐడీకి వచ్చింది, ఆ మెయిల్ జతచేశాను. రెండు ప్రొఫైళ్లూ కలిపి వివరం సరిచేయడం వీలవుతుందా? ఇది వేరే టీమ్ పని అయితే ఎవరిని అడగాలో చెప్పండి. వారు కూడా ఈరోజు కంపెనీలో టికెట్ వేశారు.'

సీనియర్ ఆఫీసు ఐడీని సీసీలో పెట్టు, ఆయన్ని అడిగాకే. ఉద్యోగి నంబరు కూడా ఆయన ఇస్తేనే రాయి. అప్లై చేసిన ఐడీ నుంచే పంపు, లేకపోతే మూడో మనిషివి అవుతావు.

నానక్‌రామ్‌గూడ_రవి:
ఈ మెయిల్‌కి నా అభ్యంతరం లేదు. కానీ పుణె ఆయనకి కూడా తెలియాలి కదా? ఆయన పోర్టల్‌లో ఉన్న పేరు ఒకరోజు మాయమైతే నాలాగే బాధపడతారు.

టీఏ_సుజాత:
నిజమే. కానీ అబ్బాయి నేరుగా రాయడం నాకు నచ్చదు. సీనియర్ అదే కంపెనీ కాబట్టి ఆయన ఒక ముక్క చెబితే బాగుంటుంది.

మియాపూర్_మహేశ్:
ఆయన 'నేనెందుకు వదులుకోవాలి' అంటే?

బెజవాడ_కుర్రాడు:
నిన్న పొద్దున మెయిల్ పంపా, సీనియర్ టికెట్ వేశాడు. హెచ్ఆర్ ఆపరేషన్స్‌కి పంపానని సాయంత్రం రిక్రూటర్ జవాబిచ్చారు. పోర్టల్ ఇంకా మారలేదు, శుక్రవారం మొదటి రౌండ్ ఉంది. పుణె ఆయనకి సీనియర్ చాట్‌లో రాశాడు, చూశారు కానీ జవాబు రాలేదు. ఇంటర్వ్యూలో ఎవరు రిఫర్ చేశారని అడిగితే ఏ పేరు చెప్పాలి?

టీఏ_సుజాత:
సీనియర్ పేరే చెప్పు. సిస్టమ్‌లో వేరే పేరు కనిపిస్తే అది నా పొరపాటని, రిక్రూటర్‌కి రాశానని ఒక్క మాటలో చెప్పి ఆపు.

నానక్‌రామ్‌గూడ_రవి:
అడిగితేనే. నీ అంతట నువ్వు ఎత్తకు.