రెండు చివర్లూ సమానమైతే ఏ గోడ జరపాలి?

అందరికీ నమస్కారం, మాది పర్లాకిమిడి. వరుసగా ఉన్న గోడల్లో ఏ రెంటి మధ్య ఎక్కువ నీళ్లు నిలుస్తాయో, రెండు చివర్ల నుంచి ఒక్కో గోడ చొప్పున లోపలికి జరుగుతూ కనుక్కునే లెక్క తమ్ముడికి చెబుతూ ఒకచోట ఆగిపోయాను.

గోడల ఎత్తులు `[4, 9, 6, 9, 4]`. చివరి రెంటి మధ్య నీళ్లు అంటే పొట్టి గోడ ఎత్తు 4, వెడల్పు 4, మొత్తం 4 × 4 = 16. పొట్టి గోడనే లోపలికి జరపడం ఎందుకు క్షేమమో తెలుసు: నీటి మట్టం దాన్ని దాటదు, వెడల్పేమో ప్రతి అడుగుకీ తగ్గుతుంది. కాబట్టి ఆ గోడతో మిగిలిన ఏ జతా ఇప్పటిదాన్ని మించలేదు, దాన్ని వదిలేయొచ్చు.

ఇక్కడ మాత్రం రెండూ 4. ఎడమది జరిపితే 12, ఆపై కుడిదీ జరిపితే 9, 9 మధ్య 18 వచ్చింది. ఏ 4తో చూసినా మిగిలిన జతలు 12 దాటవు. మరి సమానమైనప్పుడల్లా రెంటినీ ఒకేసారి జరిపేయొచ్చా? ఎక్కడైనా మంచి జత జారిపోతుందా? అలాంటి ఉదాహరణ ఉంటే దయచేసి చూపించండి.