మిద్దెతోట నెలవారీ ఒప్పందం: 62 కుండీలకు ఎంత అడగాలి, నీళ్ల బాధ్యత ఎవరిది?

చిగురు:
నెలవారీ ఒప్పందం మీద మిద్దెతోటలు చూసే పని మొదలుపెట్టి తొమ్మిది నెలలైంది. చేతిలో ఉన్న నాలుగు తోటల్లో ఒకదానితో బాగా ఇబ్బంది పడుతున్నాను. ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, పొద్దున వెళితే చీకటి పడ్డాకే వస్తారు. మొత్తం 62 కుండీలు. పూలవి, ఆకు మొక్కలవి మామూలు కుండీలు 40, నిమ్మ, మందారం వంటివి ఉన్న పెద్ద తొట్లు 14, టమాటా, వంగ వేసిన గ్రో బ్యాగులు 8. వారానికి ఒకసారి వెళ్తాను. ఒక్కో రాకకు రెండు గంటలు పడుతుందనుకుని, నెలకు నాలుగు రాకలు లెక్కగట్టి, ఎనిమిది గంటల కూలికి ఒప్పుకున్నాను. మిగతా రోజుల్లో నీళ్లు వాళ్లే పోస్తామన్నారు.

ఎండలు ముదిరాక మూడు వారాల్లో తొమ్మిది మొక్కలు పోయాయి. ఆ నెల సగం డబ్బే ఇస్తామంటున్నారు. వచ్చే నెల ఒప్పందం మళ్లీ రాసుకోవాలి. ఎంత అడగాలో, ఏ లెక్కన అడగాలో తెలియడం లేదు. చనిపోయిన మొక్కకు బదులు మొక్క ఇస్తానని రాసివ్వవచ్చా?

పాత తోటమాలి:
కుండీకి ఇంత అని ఒకే రేటు పెట్టండి. యజమానికి వెంటనే అర్థమవుతుంది, కుండీలు పెరిగితే మీ డబ్బూ పెరుగుతుంది. నేను పదేళ్లుగా అలాగే చేస్తున్నాను. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు వెళ్లి నీళ్లు మీరే పోయండి, మొక్కలు ఎందుకు పోతాయో చూద్దాం.

మూడో అంతస్తు:
నాదీ ఇదే సమస్య. నా తోటను కూడా ఒకరు వారానికోసారి వచ్చి చూస్తారు. మధ్యాహ్నం వీడియో కెమెరాలో చూస్తే ఆకులన్నీ వేలాడుతూ కనిపిస్తాయి. మనసు ఆగక రోజూ సాయంత్రం రాగానే అన్నిటికీ నిండా పోస్తాను. అయినా అడుగు ఆకులు పసుపు పచ్చబడి రాలిపోతున్నాయి. తోటమాలిని మార్చుకోవాలా?

వేరుమట్టి:
మూడో అంతస్తు గారూ, ముందు మీకు. మండే ఎండలో మధ్యాహ్నం ఆకులు వాలడం చాలా మొక్కలకు మామూలే. సాయంత్రం చల్లబడ్డాక తమంతట తామే లేచి నిలబడితే ఆ మొక్కకు దాహం లేనట్టే. పొద్దున్నే చూసినా వాలి ఉంటేనే అనుమానించాలి. అప్పుడు కూడా నీళ్లు పోసే ముందు మట్టిలో వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూడండి. వేలికి తడి తగిలితే ఆగండి. వేర్లు కుళ్లినా మొక్క వాలిపోతుంది, ఎండినా వాలిపోతుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మీ లక్షణాలు చూస్తే నీళ్లు ఎక్కువైనట్టే ఉంది. తోటమాలిని మార్చే ముందు వారం రోజులు వేలి పరీక్ష చేయండి.

చిగురు గారూ, పోయిన తొమ్మిదింటిని పారేయకుండా ఉంచారా? ఉంటే కుండీలోంచి మట్టిగడ్డతో సహా బయటికి తీసి వేర్లు చూడండి. గోధుమరంగులో మెత్తగా, వాసనతో ఉంటే కుళ్లాయి. గడ్డిపోచల్లా విరిగిపోతుంటే ఎండాయి. ఏ కుండీ ఎక్కడ ఉండేదో కూడా చెప్పండి. ధర సంగతి అది తెలిశాక మాట్లాడుకుందాం.

చిగురు:
ఇప్పుడే చూసి వచ్చాను. ఆరు ఎండిపోయాయి. అవన్నీ పిట్టగోడ పక్కన, మెట్ల గదికి బాగా దూరంగా ఉన్నవి. మూడు కుళ్లిపోయాయి. ఆ మూడూ మెట్ల గది తలుపు పక్కనే ఉన్నాయి!

వేరుమట్టి:
అనుకున్నదే. అలసిపోయి వచ్చిన మనిషి బకెట్టుతో తలుపు దగ్గర మొదలుపెడతాడు. మొదటి కుండీలకు ధారాళంగా పోస్తాడు, చివరి మూలకు వెళ్లేసరికి ఓపికా నీళ్లూ రెండూ అయిపోతాయి. ఇంకొకటి, ఎండిన కోకోపీట్ నీటిని వెంటనే పీల్చుకోదు. పోసిన నీళ్లు కుండీ అంచు వెంబడి జారి కింది రంధ్రంలోంచి వచ్చేస్తాయి. కింద తడి చూసి చాలనుకుంటారు, మధ్యలో గడ్డ పొడిగానే ఉంటుంది. ఆ కుండీని ఎత్తి చూస్తే దూదిలా తేలిగ్గా ఉంటుంది. అలాంటిది పైనుంచి పోస్తే బాగుపడదు. అడుగున తొట్టిలో నీళ్లు పెట్టి, అరగంటసేపు కుండీని అందులో కూర్చోబెట్టాలి.

అందుకే రెండు రాకల సలహాతో నేను ఏకీభవించను. మండే ఎండల్లో మిద్దె మీది చిన్న కుండీకి రోజూ నీళ్లు కావాలి. వారానికి రెండుసార్లు వెళ్లినా మిగిలిన ఐదు రోజులు ఎవరో ఒకరు పోయాల్సిందే. నీళ్లను సంరక్షణ నుంచి విడదీయండి. నీళ్లు డ్రిప్‌కి, టైమర్‌కి అప్పగించండి. ఆ డ్రిప్ సరిగ్గా నడుస్తోందో లేదో చూడడం మీ పని అని ఒప్పందంలో రాయండి. అమర్చే ఖర్చు యజమానిది.

ఇక లెక్క. కుండీకి ఒకే రేటు పెడితే అన్ని కుండీలూ ఒకేలాంటివి అయినప్పుడే సరిపోతుంది. పాత తోటమాలి గారి తోటలు బహుశా అలాంటివే. మీ తోటలో మామూలు కుండీకి ఒక నిమిషం, పెద్ద తొట్టికి రెండు, కూరగాయల బ్యాగుకు నాలుగు అనుకోండి. 40, 28, 32 కలిపితే వంద నిమిషాలు. డ్రిప్ పరీక్షకు పదిహేను, ఊడ్చి నీటి తూము మూతి శుభ్రం చేయడానికి పదిహేను, ఫోటోలకు ఐదు. మొత్తం 135. రానూపోనూ నలభై నిమిషాలనుకుంటే 175, అంటే దాదాపు మూడు గంటలు. మీరు రెండు గంటలకే డబ్బు తీసుకుంటున్నారు.

రెండో పొరపాటు నెలకు నాలుగు రాకలనడం. ఏడాదికి వారాలు 52, నాలుగు చొప్పున పన్నెండు నెలలకు 48. నాలుగు రాకలు ఊరికే చేస్తున్నారు. మూడు గంటల చొప్పున 52 రాకలకు 156 గంటలు, నెలకు పదమూడు. మందులు, ఎరువులు తేవడానికి, మధ్యలో వచ్చే ఫోన్లకు ఇంకో గంట వేయండి. పద్నాలుగు గంటలు. మీ గంట విలువ ఎంతో మీరే నిర్ణయించుకుని పద్నాలుగుతో హెచ్చించండి. ఎరువుల ఖర్చు అసలు ధరకే విడిగా రాయండి, లేకపోతే నెల చివర్లో మీరే ఎరువు తగ్గించాల్సి వస్తుంది. అది మొక్కకు అన్యాయం.

పాత తోటమాలి:
నా తోటలన్నీ పూల కుండీలే, నిజమే. కాని గడియారం పట్టుకుని పని చేసేవాణ్ని ఏ యజమానీ ఇష్టపడడు.

వేరుమట్టి:
యజమానికి నిమిషాలు చూపించనక్కర్లేదు. ఆయనకు ఒక్క అంకె చెబితే చాలు. గడియారం మీ కోసం.

తుంపర:
డ్రిప్ అమర్చే పని నాది కాబట్టి ఒక హెచ్చరిక. మిద్దె మీది ట్యాంకు కుళాయి కన్నా మీటరున్నర ఎత్తులోనే ఉంటే ఒత్తిడి 0.15 బార్ మాత్రమే వస్తుంది. చాలా టైమర్లలోని వాల్వు అంత తక్కువ ఒత్తిడికి సరిగ్గా తెరుచుకోదు, లేదా మూసుకోదు. బంతి వాల్వు ఉన్న రకం తీసుకోండి, అది మోటారుతో తిరుగుతుంది కాబట్టి ఒత్తిడి లేకపోయినా పనిచేస్తుంది. కొనేటప్పుడు ఈ ఒక్క మాట అడగకపోతే డబ్బు వృథా.

అమర్చాక కప్పు పరీక్ష చేయండి. గంటకు రెండు లీటర్ల డ్రిప్పర్ పది నిమిషాల్లో సుమారు 330 మిల్లీలీటర్లు ఇవ్వాలి. లైను మొదట్లో ఒక కప్పు, చివర్లో ఒక కప్పు పెట్టి చూడండి. ట్యాంకు ఒత్తిడితో నడిచే లైనులో రెండూ అంతకన్నా తక్కువే ఇస్తాయి. అప్పుడు టైమర్ నిమిషాలు పెంచుకోవచ్చు. చివరి కప్పులో మొదటి దానిలో సగం కూడా రాకపోతే మాత్రం నిమిషాలు పెంచి లాభం లేదు, తలుపు దగ్గరి మొక్కలు మళ్లీ మునుగుతాయి. లైను చివరి కొసను తెచ్చి మొదటి కొసకు కలిపి వలయంలా చేయండి. నీళ్లు రెండు వైపుల నుంచీ వస్తాయి కాబట్టి తేడా బాగా తగ్గుతుంది. ఉప్పు నీళ్లయితే డ్రిప్పర్ మూతికి తెల్లటి పెచ్చు కడుతుంది. వాటిని విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే చాలావరకు తెరుచుకుంటాయి. ఫిల్టరు లేకుండా మాత్రం ఏ లైనూ వేయకండి.

చిగురు:
ఈ వారం నిమిషాలు లెక్కబెట్టుకున్నాను. మామూలు కుండీలు నలభైకి అరగంటే పట్టింది. పెద్ద తొట్లకు అరగంట. ఎనిమిది గ్రో బ్యాగులకు యాభై నిమిషాలు! టమాటాకు పుల్లలు కట్టడం, పక్క కొమ్మలు గిల్లడం, వంగ ఆకుల అడుగున పేనుబంకకు వేపనూనె కొట్టడం, వీటితోనే పొద్దు గడిచింది. మొత్తం 110 నిమిషాలు. మీరు చెప్పిన వందకు దగ్గరే, కాని బరువంతా కూరగాయల మీదే ఉంది. వచ్చే నెల పూల కుండీలు పన్నెండు తీసేసి వాటి చోట పన్నెండు బ్యాగులు పెడతామని యజమాని అన్నారు. ఈ లెక్కన ప్రతి రాకకూ గంటకు పైగా పెరుగుతుంది. కుండీల సంఖ్య మాత్రం 62 గానే ఉంటుంది.

వేరుమట్టి:
బ్యాగులు పెరిగితే ధర మారుతుందని ఇప్పుడే రాసుకోండి. పెద్ద తొట్ల మట్టి మార్పు కూడా నెలవారీ దాంట్లో కలపకండి. ఒక్కో దానికి నలభై నిమిషాలు వేసుకున్నా పద్నాలుగింటికి తొమ్మిది గంటలు దాటుతుంది. అది ఏడాదికోసారి, విడి బిల్లు.

వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి, ఎండ తగ్గాకే కొట్టండి. మండే ఎండలో కొడితే ఆకు మాడుతుంది, ఆ మాడు కూడా మీ ఖాతాలోకే వస్తుంది. వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టాలి, ఒక్కసారితో ఆపితే తప్పించుకున్న పురుగులు పిల్లలు పెట్టి మళ్లీ పెరుగుతాయి.

మూడో అంతస్తు:
వేలి పరీక్ష చేశాను, సగం కుండీల్లో తడి అలాగే ఉంది. పోయడం ఆపాను. కాని ఇంటికి రాగానే మొక్కకు ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది.

వేరుమట్టి:
డ్రిప్ లైనుకు అవతల రెండు మూడు కుండీలు మీ కోసం విడిగా పెట్టించుకోండి. పుదీనా అయితే మంచిది, నీళ్లు కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది. డ్రిప్ ఉన్న కుండీలకు చేత్తో మళ్లీ పోయకండి. చిగురు గారూ, మీ యజమానులకూ ఇదే ఏర్పాటు చేయండి. డ్రిప్ పెట్టాక కూడా ప్రేమతో బకెట్టు పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

చిగురు:
బదులు మొక్క మాట ఎవరూ తేల్చలేదు.

పాత తోటమాలి:
ఇవ్వాల్సిందే. నేను ఇస్తాను. నమ్మకం దానివల్లే వస్తుంది.

వేరుమట్టి:
నేను ఇవ్వను. కరెంటు పోయి ట్యాంకు ఎండితే, యజమాని టైమర్ ఆపేస్తే నా చేతిలో ఏముంది? మొదటి రోజే ప్రతి కుండీకి ఫోటో తీసి, బలహీనమైన వాటి జాబితా యజమానికి పంపుతాను. నేను కొట్టిన మందు వల్ల, నేను చేసిన కత్తిరింపు వల్ల పోతే మాత్రం కొనిస్తాను.

తుంపర:
మొదటి మూడు నెలలకు మాత్రం, ఒక్కోసారి రెండు మొక్కలకు మించకుండా ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

చిగురు:
ఆదివారం వాళ్లతో కూర్చుంటున్నాను. పద్నాలుగు గంటల ధర, డ్రిప్ వాళ్ల ఖర్చు, మట్టి మార్పు విడిగా. పోయిన నెల తగ్గించిన సగంలో ఎండిన ఆరింటికీ నాకు బాధ్యత లేదని వేర్ల ఫోటోలు చూపిస్తాను. కుళ్లిన మూడింటి సంగతే తేలడం లేదు. నేను వారానికోసారి ఆ తలుపు పక్కనుంచే వెళ్లాను, అప్పుడైనా వేలు గుచ్చి చూడాల్సింది.